ఏఐ వీడియోలో పేరు, లోగో, సీసా ఆకారం చెదరకుండా ఎడిటింగ్‌లో అమర్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పచ్చళ్ల షాపులకు, స్వీట్ల షాపులకు రీల్స్ చేసే ఎడిటర్లు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఉదాహరణగా తీసుకున్నది అరకిలో ఆవకాయ గాజు సీసా కోసం చేసే 15 సెకన్ల నిలువు వీడియో. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది.

## మొదలుపెట్టే ముందు

షాపు పేరు ప్రాంప్ట్‌లో అక్షరం పొల్లు పోకుండా ఇచ్చాను. అయినా వీడియోలో పిచ్చి గీతలే వస్తున్నాయి. ఎందుకు?

చాలా వీడియో మోడళ్లు నేరుగా పిక్సెళ్ల మీద పని చేయవు. దృశ్యాన్ని బాగా కుదించిన రూపంలో తయారు చేసి, చివర్లో పిక్సెళ్లుగా విప్పుతాయి. వాన్ 2.1 మోడల్‌నే తీసుకుంటే, నిలువునా 8, అడ్డంగా 8 పిక్సెళ్లు, వాటితో పాటు 4 ఫ్రేములు కలిసి ఒక గడిగా మారతాయి. లేబుల్ మీద వత్తు ఎత్తు 16 పిక్సెళ్లు ఉందనుకోండి, దానికి దక్కేది రెండు గడులు. క-వత్తుకీ త-వత్తుకీ తేడా చెప్పే సన్నని మెలిక అంత చోటులో నిలవడం కష్టం. పైగా మోడల్‌కి అది అక్షరమని తెలియదు. చీర అంచు మీద డిజైన్‌ని ఎలా గీస్తుందో దాన్నీ అలాగే గీస్తుంది, కాబట్టి ఫ్రేము మారినప్పుడల్లా కొంచెం మారిపోతుంది. తెలుగు అక్షరాలున్న దృశ్యాలు శిక్షణలో తక్కువగా ఉండటంతో మన లిపికి ఈ బాధ ఇంకా ఎక్కువ.

కొత్త మోడళ్లలో ఇంగ్లిష్ పేర్లు బాగానే వస్తున్నాయి కదా, ఇంకా ఎడిటింగ్‌లో పెట్టడం దేనికి?

ఒకే మాట, పెద్ద అక్షరాలు, చిన్న షాట్ అయితే నిజంగానే బాగా వస్తున్నాయి. అయితే పచ్చడి సీసా మీద ఉండేది ఒక్క పేరే కాదు. నికర బరువు, ఎమ్మార్పీ, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు కూడా ఉంటాయి. అందులో ఒక్క అంకె మారినా అది ఆ షాపు నంబరు కాకుండా పోతుంది. ఇంకో కారణం ధర. వచ్చే నెల ఎమ్మార్పీ మారిందని ఫోన్ వస్తుంది. లేబుల్ విడి లేయర్‌గా ఉంటే ఒక ఫైల్ మార్చి ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. వీడియోలోనే కలిసిపోయి ఉంటే షాట్ మొత్తం మళ్లీ జనరేట్ చేయాలి, అదే వెలుతురు, అదే కోణం మళ్లీ వస్తాయన్న నమ్మకం లేదు.

మా సీసా ఫోటోనే మొదటి ఫ్రేముగా ఇస్తే సరిపోదా?

ఆకారానికి ఇది చాలా ఉపయోగం, అక్షరాలకు మాత్రం నమ్మొద్దు. మొదటి ఫ్రేములో లేబుల్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. షాట్ సాగేకొద్దీ చిన్న అక్షరాలు ముందు కరుగుతాయి, తర్వాత పెద్దవి వంకరపోతాయి. సీసా తిరిగితే ఫోటోలో కనిపించని పక్కను మోడల్ ఊహించి గీస్తుంది. నేను సూచించే దారి ఇది: ప్యాకింగ్ గదిలో లేబుల్ వేయని సీసా ఒకటి తీసుకుని, దానికి అదే కొలతలో ఖాళీ తెల్ల కాగితం అంటించి ఫోటో తీసి, ఆ ఫోటోను మొదటి ఫ్రేముగా ఇవ్వండి. సీసా ఆకారం అసలుది వస్తుంది, చెడిపోవడానికి అక్షరాలే ఉండవు.

మరి ఏవి జనరేట్ చేయించాలి, ఏవి చేతితో పెట్టాలి?

ఎండలో ఆరబెట్టిన మిరపకాయలు, రోలు, ఆవిరి, కిటికీలోంచి పడే వెలుతురు, అన్నం ముద్ద మీద జారే నూనె, ఇలాంటివన్నీ మోడల్‌కి వదిలేయండి. వాటిలో చిన్న తేడా వచ్చినా ఎవరికీ తప్పుగా అనిపించదు. చదవాల్సినవి, గుర్తుపట్టాల్సినవి, కొలత ఉన్నవి మాత్రం బయటి నుంచే రావాలి. వెనకాల చార్మినార్ కావాలని అడిగేవాళ్లు చాలామంది. దాన్నీ ఈ రెండో జాబితాలోనే వేసుకోండి. బాల్కనీ ఒకటి ఎక్కువైనా, మినార్ల దూరం మారినా ఈ ఊరివాళ్ల కన్ను వెంటనే పడుతుంది. మీరు తీసిన ఫోటోను మసక చేసి వెనకాల పెట్టడమే మేలు.

## క్లయింట్ దగ్గర తీసుకోవాల్సినవి

లోగో వాట్సాప్‌లో పంపారు. అది చాలదా?

ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, అక్షరాల అంచుల్లో చిన్న చిన్న మచ్చలు వస్తాయి. దాన్ని పెద్దది చేస్తే ఆ మచ్చలూ పెద్దవవుతాయి. లేబుల్ ముద్రించిన ప్రెస్ ఎక్కడుందో క్లయింట్‌ని అడగండి. ఛత్తా బజార్‌లో కావచ్చు, ఇంకెక్కడైనా కావచ్చు, అసలు ఫైల్ సాధారణంగా వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది, చాలాసార్లు కోరల్‌డ్రాలో. దాన్ని పీడీఎఫ్‌గా గానీ ఎస్‌వీజీగా గానీ తీసి, వాట్సాప్‌లోనే అయినా సరే డాక్యుమెంట్‌గా పంపమనండి. డాక్యుమెంట్‌గా వస్తే కుదింపు ఉండదు.

ప్రెస్ ఫైల్ తెరిస్తే తెలుగు అంతా ఇంగ్లిష్ గుర్తుల్లా కనిపిస్తోంది. ఫైల్ పాడైందా?

పాడవలేదు. అది అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో టైప్ చేసిన తెలుగు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ మీ కంప్యూటర్‌లో లేకపోతే కింద ఉన్న గుర్తులే బయటపడతాయి. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయడం మొదలుపెట్టకండి, అక్షరం రూపు మారిపోతుంది, క్లయింట్ "ఇది మా లేబుల్ కాదు" అంటారు. ప్రెస్‌లోనే ఫైల్ తెరిచి, మొత్తం టెక్స్ట్‌ని కర్వ్స్‌కి మార్చి పంపమనండి. అప్పుడు ఫాంట్‌తో పనే ఉండదు.

మీరు కొత్తగా రాసే మాటలకు రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడుకోవచ్చు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపులకు తగిన టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ఇంక్‌స్కేప్‌లో మాట రాసి, పాత్‌గా మార్చి, వెనకాల ఏమీ లేని పీఎన్‌జీగా తెచ్చుకుంటే ఆ గొడవ తప్పుతుంది.

వీడియోలో పెట్టడానికి సీసా ఫోటో ఎలా తీయాలి?

అన్నిటికన్నా ముఖ్యమైనది కెమెరా ఎత్తు. సీసా ఫోటోకీ జనరేట్ చేసిన దృశ్యానికీ కోణం కలవకపోతే ఎంత రంగు సరిచేసినా అతికినట్టే ఉంటుంది. కోణాన్ని దృశ్యంలోనే కొలవచ్చు. అందులో ఉన్న గిన్నె అంచో, మూతో చూడండి. గుండ్రటి అంచు కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. దాని ఎత్తును వెడల్పుతో భాగిస్తే వచ్చేది కెమెరా కిందికి చూస్తున్న కోణం సైన్ విలువ. వెడల్పు 300 పిక్సెళ్లు, ఎత్తు 60 పిక్సెళ్లు అనుకుంటే 0.2, అంటే సుమారు 11.5 డిగ్రీలు. సీసాకు అడ్డంగా 150 సెంటీమీటర్ల దూరంలో, మూత కన్నా 30 సెంటీమీటర్లు పైన ఫోన్ పెడితే దాదాపు అదే కోణం.

దగ్గరికెళ్లి మామూలు లెన్స్‌తో తీయకండి, సీసా మెడ పెద్దదై అడుగు సన్నబడుతుంది. ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ వాడండి. దృశ్యంలో వెలుతురు ఎడమ వైపు నుంచి వస్తుంటే మీ కిటికీ కూడా ఎడమనే ఉండాలి. ఇక్కడ ఆవకాయ మనకు కలిసొస్తుంది. లోపల ఎర్రగా నిండుగా ఉంటుంది కాబట్టి సీసా వెనక ఏముందో కనిపించదు. ఖాళీ గాజు గ్లాసుకైతే వెనక దృశ్యం వంగి కనిపించాలి, ఆ పని చాలా పెద్దది.

## దృశ్యం జనరేట్ చేసేటప్పుడు

ప్రాంప్ట్‌లో "అక్షరాలు వద్దు" అని రాస్తే చాలా?

వద్దన్నదాన్నే కొన్నిసార్లు మోడల్ తెచ్చిపెడుతుంది. ఏది లేదో చెప్పే బదులు ఏముందో చెప్పండి. లేబుల్ ఖాళీ తెల్ల కాగితమని, నిగనిగ లేనిదని, కెమెరా స్థిరంగా ఉందని, లేబుల్ కెమెరా వైపే ఉందని రాయండి. నేను వాడే వరుస ఇలా ఉంటుంది:

```
locked-off tripod shot, glass pickle jar filled with
red mango pickle on a wooden table, plain unprinted
matte white paper label facing camera, window light
from left, dried red chillies around, thin steam behind jar
```

ఆవిరి సీసా వెనకాలే ఉండమని రాయడం గమనించండి. ముందుకొస్తే లేబుల్ పెట్టాక ఆవిరి లేబుల్ కింద ఇరుక్కుంటుంది. ముందు ఆవిరి కావాలంటే నల్లని నేపథ్యం మీద ఆవిరి ఒక్కటే విడిగా చేయించి, అన్నిటికన్నా పైన స్క్రీన్ మోడ్‌లో వేయండి.

కెమెరా కదలొద్దని రాసినా కొంచెం కదులుతున్నట్టుంది. కంటికి తెలియడం లేదు. ఎలా చూడాలి?

వీడియో మొదటి ఫ్రేమును స్టిల్‌గా తీసి, అదే వీడియో పైన డిఫరెన్స్ మోడ్‌లో పెట్టండి. కదలని చోటంతా నల్లగా ఉంటుంది. బల్ల అంచు, గోడ గీత వెంట తెల్లని సన్నని గీత కనిపించి, సెకను సెకనుకీ లావవుతుంటే కెమెరా జారుతోందని అర్థం. అంచులు నల్లగానే ఉండి సీసా చుట్టూ మాత్రమే వెలుగు వస్తే సీసా ఉబ్బడమో కుంచించుకుపోవడమో జరుగుతోంది. మొదటిదాన్ని ట్రాకింగ్‌తో సరిచేయవచ్చు. రెండోదానికి ఆ షాట్ వదిలేసి ఇంకోటి జనరేట్ చేయడం తేలిక.

సీసా ఆకారం నిలిచిందో లేదో ఎలా నిర్ధారించుకోవాలి?

అసలు ఫోటోలో మూత వెడల్పును సీసా ఒంటి వెడల్పుతో భాగించండి. సీసా ఎత్తును వెడల్పుతో భాగించండి. 24 ఫ్రేముల వేగంతో 5 సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. వాటిలో 1, 60, 120 ఫ్రేములు తీసుకుని అవే రెండు నిష్పత్తులు చూడండి. సీసా షాపుకే ప్రత్యేకమైనదైతే, అంటే భుజం దగ్గర వంపో, ఉబ్బెత్తు డిజైనో ఉంటే, కొలతలతో సరిపెట్టుకోకుండా ఫోటోను సగం పారదర్శకంగా పైన పరిచి చూడండి. తేడా కనిపిస్తే దృశ్యంలో సీసా లేకుండా జనరేట్ చేయించి, సీసా మొత్తాన్ని ఫోటో నుంచి పెట్టడమే సరైన దారి. వంకరపోయిన సీసా మీద సరైన లేబుల్ వేస్తే ఆ వంకర ఇంకా బాగా తెలుస్తుంది.

## ఎడిటింగ్‌లో అమర్చేటప్పుడు

లేబుల్ ఖాళీగా ఉండటంతో ట్రాకర్ పట్టు చిక్కక జారిపోతోంది. ఏం చేయాలి?

మోకా లాంటి ప్లానార్ ట్రాకర్ పట్టుకునేది ఉపరితలం మీది నలుసుల్ని, అంచుల్ని. తెల్ల కాగితం మధ్యలో అవి ఉండవు. అందుకే ట్రాకింగ్ గీతను లేబుల్ లోపల కాకుండా, లేబుల్ నాలుగు అంచులూ లోపలికి వచ్చేలా కొంచెం బయటికి గీయండి. గాజు మీద మెరుపును మాత్రం గీతలోంచి తప్పించండి. సీసా కదిలినా ఆ మెరుపు కిటికీ వైపే ఉండిపోతుంది, ట్రాకర్ దాన్ని నమ్మితే లేబుల్ జారుతుంది. సీసా ఎదురుగా ఉండి కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్లే షాట్ అయితే స్థానం, పరిమాణం, తిరుగుడు చాలు. పర్‌స్పెక్టివ్ ఆపేయండి, లేకపోతే మూలలు వణుకుతాయి. డబ్బులు పెట్టలేనివాళ్లకు బ్లెండర్‌లోని ప్లేన్ ట్రాక్ ఉచితంగా ఇదే పని చేస్తుంది.

గుండ్రటి సీసా మీద లేబుల్ పెడితే పోస్టర్ అంటించినట్టు బల్లపరుపుగా కనిపిస్తోంది.

రెండు కారణాలు కలిసి ఇలా చేస్తాయి. మొదటిది, లేబుల్ ఫైల్ మొత్తాన్ని ముందు వైపు ఇరికించడం. సీసా వ్యాసం 8 సెంటీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 25, ఎదురుగా కనిపించేది అందులో సగం, 12.5 సెంటీమీటర్లు. కాబట్టి ఫైల్‌లో మధ్య 12.5 సెంటీమీటర్లే కత్తిరించి వాడాలి. లేబుల్ వెనక వైపున్న పోషక విలువల పట్టిక ముందు కనిపించకూడదు.

రెండోది, అంచుల వైపు అక్షరాలు దగ్గరపడకపోవడం. స్థూపం మీద మధ్య నుంచి 60 డిగ్రీలు పక్కకు వెళ్తే కంటికి వ్యాసార్ధంలో 87 శాతం దూరం వెళ్లినట్టు కనిపిస్తుంది. మిగతా 30 డిగ్రీలూ చివరి 13 శాతంలో ఒదిగిపోతాయి. ఈ ఒదుగుడు లేకపోతే మెదడు దాన్ని బల్లపరుపు అనే చదువుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో సీసీ సిలిండర్ ఎఫెక్ట్ ఈ లెక్కను తనే చేస్తుంది. తర్వాత లేబుల్ పైఅంచు, కిందిఅంచు వంపులు సీసా మీది తెల్ల కాగితం వంపులతో కలిశాయా చూడండి. కెమెరా కొంచెం పైనుంచి చూస్తుంటే రెండు అంచులూ మధ్యలో కిందికి వంగుతాయి, కిందిది పైదాని కన్నా కొంచెం ఎక్కువగా.

ఒక హద్దు గుర్తుంచుకోండి: సీసా తన చుట్టూ తాను తిరిగే షాట్‌కి ప్లానార్ ట్రాకింగ్ పనికిరాదు. అలాంటి షాట్ తప్పనిసరైతే బ్లెండర్‌లో సీసాను త్రీడీలో కట్టుకోవాలి.

లేబుల్ స్థానం సరిగ్గానే ఉంది, అయినా అంటించినట్టే ఉంది. ఇంకేం మిగిలింది?

వెలుతురు, మసక, గ్రెయిన్ అనే నలుసు, ఈ వరుసలో సరిచేయండి.

లేబుల్‌ని మల్టిప్లై మోడ్‌లో వేయండి. తెల్ల కాగితం అడగడం ఇందుకే. కాగితం మీద కిటికీ వెలుతురు, కుడివైపు నీడ ముందే ఉన్నాయి. మల్టిప్లైలో మీ రంగులు ఆ వెలుగునీడల్లోనే ముద్రించినట్టు కూర్చుంటాయి, లేబుల్‌లో తెల్లగా ఉన్నచోట కాగితమే కనిపిస్తుంది. రంగులు మరీ ముదురైతే కింది కాగితాన్ని మాత్రమే లెవెల్స్‌తో కొంచెం వెలిగించండి. బంగారు రేకు అక్షరాలకు ఈ పద్ధతి పనిచేయదు. వాటిని విడి లేయర్‌గా మామూలు మోడ్‌లో పెట్టి, మెరుపు మీరే ఇవ్వాలి.

జనరేట్ చేసిన వీడియో సాధారణంగా మెత్తగా ఉంటుంది, మీ లేబుల్ కత్తిలా పదునుగా ఉంటుంది. పక్కనున్న మిరపకాయ తొడిమను 200 శాతం జూమ్‌లో చూసి, ఆ పదునుకు సరిపడే వరకు లేబుల్‌ని మసక చేయండి. 1080 వెడల్పు వీడియోలో మామూలుగా అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ చాలు. చివరగా నీడ ఉన్నచోట కదిలే నలుసును చూసి, లేబుల్ మీద అంతే నలుసు వేయండి.

సీసా మొత్తాన్ని ఫోటో నుంచి పెట్టాను. బల్ల మీద కాకుండా గాల్లో ఉన్నట్టుంది.

నీడ ఒకటే వేసి ఉంటారు, రెండు కావాలి. అడుగు బల్లను తాకే చోట చాలా సన్నగా, దాదాపు నల్లగా ఒక గీత. దాని నుంచి వెలుతురుకు ఎదురు దిశలో వెళ్తూ మెత్తబడే పొడవాటి నీడ ఇంకొకటి. ఆవకాయ సీసాకైతే మూడోది కూడా వేస్తాను: నూనెలోంచి వచ్చిన వెలుతురు బల్ల మీద లేత ఎరుపుగా పడుతుంది. సీసా పక్కన ఆ రంగు కొంచెం అద్దితే కన్ను వెంటనే నమ్ముతుంది.

వీధి షాట్‌లో మా బోర్డు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లో కావాలి. ఎలా?

ఖాళీ బోర్డుతో, చుట్టూ చెక్కో ఇనుమో ఫ్రేముతో జనరేట్ చేయించండి. బోర్డు బల్లపరుపు కాబట్టి ఫ్రేమును ట్రాక్ చేసి నాలుగు మూలలకు కార్నర్ పిన్ చేస్తే సరిపోతుంది. ఉర్దూను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేయకండి. అక్షరాలు విడిపోతాయి, కొన్నిసార్లు వరుస తిరగబడుతుంది. ఉర్దూ చదవగలిగినవాళ్లతో రాయించి, పాత్‌గా మార్చిన ఫైల్ తీసుకోండి, పెట్టాక వాళ్లకే ఒకసారి చూపించండి.

## ఎక్స్‌పోర్ట్, తనిఖీ

అప్‌స్కేల్ ముందు చేయాలా, లేబుల్ పెట్టాక చేయాలా?

ముందే. ఏఐ అప్‌స్కేలర్ కూడా ఊహించి గీసేదే, చిన్న వత్తుల్ని తనకు తోచినట్టు మారుస్తుంది. ఫ్రేముల వేగం పెంచే సాధనాలూ అంతే, కదిలే అక్షరాలను సాగదీస్తాయి. ముందు అప్‌స్కేల్, తర్వాత ఫ్రేముల వేగం సరిచేయడం, ఆ తర్వాతే ట్రాకింగ్, లేబుల్.

ఎర్ర అక్షరాలు కంప్యూటర్‌లో బాగున్నాయి, ఫోన్‌లో రీల్‌గా చూస్తే మసకబారుతున్నాయి.

రీల్స్‌కి వాడే వీడియోలో మామూలుగా వెలుగు వివరం పూర్తిగా ఉంటుంది, రంగు వివరం మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగమే నిల్వ అవుతుంది. దీన్ని 4:2:0 అంటారు. ముదురు గోధుమరంగు మీద ఎర్ర అక్షరం పెడితే రెండిటి వెలుగూ దాదాపు సమానం, తేడా అంతా రంగులోనే ఉంటుంది. ఆ సగం వివరంలో అంచులు కరిగిపోతాయి. వీడియోను బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూడండి. అందులో చదవగలిగితే ఫోన్‌లోనూ చదవగలరు. ఎరుపే కావాలంటే చుట్టూ తెల్లని లేదా లేత పసుపు గీత ఇవ్వండి.

15 సెకన్లలో లేబుల్ ఎంతసేపు కనిపించాలి?

ఆవకాయ వీడియోకి నేను చేసే పంపకం ఇది. మొదటి 4 సెకన్లు మిరపకాయలు, మామిడి ముక్కలు, అక్షరాలేమీ ఉండవు. తర్వాత 3 సెకన్లు అన్నంలో కలిపే చెయ్యి, అక్కడా సీసా ఉండదు. తర్వాత 5 సెకన్లు సీసా, కెమెరా స్థిరంగా. ట్రాకింగ్ పని మొత్తం ఈ ఒక్క షాట్‌లోనే. చివరి 3 సెకన్లు అసలు సీసా ఫోటో, పేరు, ఫోన్ నంబరు, ఏ కదలికా లేకుండా. రీల్‌లో కింది మూడో వంతు మీద క్యాప్షన్, బటన్లు పడతాయి కాబట్టి పేరును, నంబరును దానికి పైనే ఉంచండి.

క్లయింట్‌కి పంపే ముందు చివరగా ఏం చూడాలి?

అసలు సీసా చేతిలో పట్టుకుని, సీసా షాట్‌ని మధ్యలో ఆపి, లేబుల్‌ని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూడండి. లైసెన్స్ నంబరు అంకె అంకెగా, ఎమ్మార్పీ, బరువు, పక్కనే ఆకుపచ్చ చుక్క. తర్వాత అదే షాట్‌ని లేబుల్ మూల దగ్గరే కన్ను నిలిపి మామూలు వేగంలో చూడండి. మూల కాగితం అంచు దాటి బయటికి వచ్చే ఫ్రేము ఉంటే అక్కడ ట్రాకింగ్‌ని చేతితో సరిచేయండి. ఇదంతా ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో కాకుండా ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్ మీద, ఫోన్‌లోనే చేయాలి. క్లయింట్‌కి ఆ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపి, లేబుల్ లేయర్, ఖాళీ దృశ్యం రెండూ విడివిడిగా దాచిపెట్టుకోండి. ధర మారినప్పుడు కావలసినవి ఆ రెండే.